ఓనరు పంపిన లాయరు నోటీసు: అందులో నిజంగా అడిగిందేమిటి?

అద్దె ఇంటికి లాయరు నోటీసు వస్తే చాలామంది కళ్ళు ముందు రెండు చోట్లకే వెళ్తాయి. ఒకటి కట్టమన్న మొత్తం, రెండోది చివర్లో ఉండే "లేనిపక్షంలో తగిన చర్యలు తీసుకోబడును" అన్న వాక్యం. ఆ రెండూ చూశాక కంగారు మొదలవుతుంది. నోటీసులో అసలు పని చేసే వాక్యం మాత్రం ఎక్కువసార్లు మధ్యలో ఎక్కడో ఉంటుంది. అద్దె ఒప్పందం ఈ నోటీసుతో రద్దయిందని చెప్పే వాక్యం అది.

నోటీసులో మూడు వేరు వేరు సంగతులు కలిసి ఉంటాయి. ఇల్లు ఖాళీ చేయమనడం ఒకటి, డబ్బు కట్టమనడం ఇంకొకటి, చేయకపోతే ఏం జరుగుతుందో చెప్పి హెచ్చరించడం మూడోది. మొదటిదానికి బలం చట్టం నుంచి వస్తుంది. రెండోదానికి బలం అగ్రిమెంటులో రాసుకున్న షరతుల నుంచి రావాలి. మూడోదాంట్లో చాలా భాగం కోర్టు ఒప్పుకుంటే తప్ప జరగదు. వీటిని విడదీయకుండా చదివినవాళ్ళు రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు డబ్బు మొత్తం కట్టేసి ఇంటి గొడవ తీరిపోయిందనుకుంటారు. ఇంకొందరు లెక్క తప్పని వాదిస్తూ కూర్చుని ఖాళీ చేయాల్సిన గడువును పట్టించుకోరు.

మాట స్పష్టంగా ఉండటానికి హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు విషయంలో వచ్చిన నోటీసును ఊహించుకుని, దాన్ని చివరిదాకా చదువుదాం.

ఫ్లాటు కూకట్‌పల్లిలో. అగ్రిమెంటు 2023 జూన్ 1 నుంచి 11 నెలలకు. అద్దె నెలకు 18,000, అడ్వాన్సు 54,000. ఏ నెల అద్దె అయినా మరుసటి నెల 5వ తేదీలోగా కట్టాలి. మెయింటెనెన్సు నేరుగా అసోసియేషన్‌కు కట్టుకోవాలి. ఎవరు వద్దనుకున్నా రెండు నెలల ముందు చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకుని అగ్రిమెంటును రెన్యూవల్ చేసుకుంటే అద్దె 10 శాతం పెరుగుతుంది. ఆ 11 నెలలు 2024 ఏప్రిల్ 30తో అయిపోయాయి. కొత్త కాగితం ఎవరూ రాసుకోలేదు. అద్దెకున్నాయన అదే 18,000 పంపిస్తూ వచ్చాడు, ఓనరు తీసుకుంటూ వచ్చాడు.

2025 జూన్ 3వ తేదీ వేసిన నోటీసు జూన్ 9న ఇంటికొచ్చింది. సారాంశం ఇది: అగ్రిమెంటు గడువు ముగిసింది, మీరు నెలవారీ అద్దెదారుగా మాత్రమే ఉంటున్నారు. ఏప్రిల్, మే అద్దెలు కట్టలేదు. ఒప్పందం ప్రకారం పెరగాల్సిన 10 శాతం కూడా కట్టలేదు. మెయింటెనెన్సు బాకీ ఉంది. ఈ నోటీసుతో మీ అద్దె హక్కును రద్దు చేస్తున్నాం, జూన్ 20లోగా ఖాళీ చేసి స్వాధీనం ఇవ్వండి. ఏడు రోజుల్లో 74,000 రూపాయలు 24 శాతం వడ్డీతో కట్టండి. లేదంటే సివిల్, క్రిమినల్ చర్యలు తీసుకుంటాం, ఖాళీ చేసేదాకా రోజుకు 1,000 రూపాయల నష్టపరిహారం వసూలు చేస్తాం.

ముందు కవరు, తర్వాత కాగితం

కవరును పారేయకూడదు. దానిమీద ఉన్న పోస్టల్ నంబరుతో అది ఏ రోజు అందిందో తెలుస్తుంది, గడువు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని సెక్షన్ 106 ప్రకారం నోటీసు గడువు అందిన రోజు నుంచి నడుస్తుంది, నోటీసు మీద వేసిన తేదీ నుంచి కాదు. మన ఉదాహరణలో లెక్కకు ఆధారం జూన్ 9, జూన్ 3 కాదు.

అందడం అంటే స్వయంగా మన చేతికే రావాలని లేదు. నోటీసును పోస్టులో పంపవచ్చు, మనకే ఇవ్వవచ్చు, ఇంట్లోవాళ్ళకో పనివాళ్ళకో ఇంటి దగ్గర ఇవ్వవచ్చు, అదేదీ కుదరకపోతే ఇంటికి బాగా కనబడేచోట అంటించవచ్చు అని అదే సెక్షన్ చెబుతోంది. మీరు ఊరెళ్ళినప్పుడు మీ అమ్మగారు సంతకం పెట్టి తీసుకుంటే ఆ రోజే అందినట్టు. తిరిగొచ్చి కవరు విప్పిన రోజుకు విలువ లేదు. పోస్ట్‌మ్యాన్‌తో తీసుకోనని చెప్పి పంపేస్తే బయటపడతామని కొందరు అనుకుంటారు. సరైన చిరునామాకు పంపిన నోటీసును తిరస్కరిస్తే, అది అందినట్టుగానే కోర్టులు భావిస్తాయి. పైగా లోపల ఏముందో మనకు తెలియకుండా పోతుంది.

పంపింది ఎవరన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. లాయరు లెటర్‌హెడ్ మీద, "మా క్లయింటు సూచనల మేరకు" అని మొదలయితే అది ఓనరు మాటే, లాయరు ద్వారా వచ్చింది. అది కోర్టు ఆదేశం కాదు. కోర్టు సమన్లు వేరుగా ఉంటాయి. వాటిమీద కోర్టు పేరు, ముద్ర, ఓ.ఎస్. అనో ఆర్.సి. అనో కేసు నంబరు, హాజరు కావాల్సిన తేదీ ఉంటాయి. లాయరు నోటీసుకు జవాబు ఇవ్వకపోతే వెంటనే శిక్షేమీ ఉండదు. సివిల్ దావా సమన్లు అందాక అయితే 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు వేయాలి, కారణం చూపిస్తే కోర్టు దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. అది దాటితే ఏకపక్షంగా తీర్పు వచ్చే ప్రమాదం ఉంటుంది. లాయరు నోటీసును చూసి వణికిపోయి, ఆ తర్వాత వచ్చిన సమన్లను "ఇదీ అలాంటిదేలే" అని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు.

ఖాళీ చేయమన్న వాక్యం

ఇక్కడ ముందుగా ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోవాలి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇప్పటికీ ఉంది. దాని కింద ఓనరు ఊరికే ఖాళీ చేయించలేడు. కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరేవాళ్ళకు అద్దెకివ్వడం, ఓనరుకే నిజంగా ఇల్లు అవసరం కావడం లాంటి కారణాల్లో ఏదో ఒకటి రెంట్ కంట్రోలర్ ముందు నిరూపించాలి. అయితే 2005లో చేసిన సవరణతో, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన భవనాలు, మిగతా ప్రాంతాల్లో 2,000 దాటినవి ఆ చట్టం నుంచి బయటికొచ్చాయి. అంటే నగరంలో ఈరోజు అద్దెకున్న కుటుంబాల్లో చాలావాటికి ఆ రక్షణ లేదు. పాతబస్తీలో తాతలనాటి అద్దెతో నడుస్తున్న దుకాణానికి ఉండవచ్చు. ఇతర రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకు అక్కడి అద్దె చట్టాలు వేరు, ఈ లెక్క అక్కడ పనికిరాదు.

మన ఉదాహరణలో అద్దె 18,000. కాబట్టి వర్తించేది ఆస్తి బదలాయింపు చట్టమే. ఇక్కడ అద్దెదారులకు మింగుడుపడని ఒక విషయం ఉంది. గడువు తీరిన అగ్రిమెంటుతో నెలనెలా నడుస్తున్న అద్దెను రద్దు చేయడానికి ఓనరు కారణం చెప్పనక్కర్లేదు. సెక్షన్ 106 ప్రకారం వ్యవసాయానికో ఉత్పత్తి పనులకో కాకుండా మరే పనికి ఇచ్చిన అద్దె అయినా, వేరే ఒప్పందం లేకపోతే నెలవారీదే. దాన్ని ఏ పక్షమైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. నోటీసులో "అద్దె కట్టలేదు" అని ఎంత రాసినా, ఆ ఆరోపణ అబద్ధమని మనం నిరూపించినా, రద్దు చేస్తున్నామన్న వాక్యం అలాగే నిలబడుతుంది. బాకీ అంతా కట్టేసినా నిలబడుతుంది.

అగ్రిమెంటు గడువు ఇంకా నడుస్తున్నప్పుడు వచ్చే నోటీసు దీనికి పూర్తిగా వేరు. ఉదాహరణకు ఇదే నోటీసు 2023 డిసెంబరులో వచ్చి ఉంటే, ఓనరు రద్దు చేయాలంటే అగ్రిమెంటులోని ఏదో షరతును మనం ఉల్లంఘించామని, ఆ ఉల్లంఘనకు రద్దు చేసే హక్కు తనకు అగ్రిమెంటులోనే ఉందని చూపించాలి. లేదా ముందుగా చెప్పి ముగించుకోవచ్చన్న షరతును వాడుకోవాలి. అద్దె బాకీ మీద రద్దు చేసి దావా వేసినా, విచారణ సమయంలో బాకీని, వడ్డీని, దావా ఖర్చుల్ని చెల్లిస్తే అద్దె హక్కును నిలబెట్టే అధికారం సెక్షన్ 114 కింద కోర్టుకు ఉంది. అందుకే నోటీసు చేతికి రాగానే అగ్రిమెంటు తీసి, గడువు ఎప్పటిదాకా ఉందో ముందు చూడాలి. నోటీసు అర్థం సగం అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు తేదీలు. నోటీసు జూన్ 20 అంటోంది. అందింది జూన్ 9. అందిన రోజును వదిలేసి లెక్కపెడితే 15వ రోజు జూన్ 24 అవుతుంది. ఓనరు ఇచ్చింది 11 రోజులే. మరి నోటీసు చెల్లదా? ఒకప్పుడు ఇలాంటి పొరపాటు మీదే కేసులు కొట్టుకుపోయేవి. 2002 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ ఆ దారి మూసేసింది. నోటీసులో తక్కువ రోజులు రాసినా, దావా మాత్రం చట్టం చెప్పిన 15 రోజులు గడిచాక వేస్తే, గడువు తక్కువైందన్న ఒక్క కారణంతో నోటీసు చెల్లకుండా పోదు. కాబట్టి జూన్ 20 నాడు సామాను సర్దాల్సిన చట్టపరమైన అవసరం లేదు, కానీ జూన్ 24 దాటాక దావా పడవచ్చని మనసులో పెట్టుకోవాలి. "నోటీసులో తేదీ తప్పు, ఇది చెల్లదు" అని పాత లెక్కతో ధీమాగా ఉండటం ప్రమాదం.

ఇంకొక తేదీ కూడా ఉంది, దాన్ని నోటీసు ప్రస్తావించలేదు. అగ్రిమెంటులో రెండు నెలల ముందు చెప్పాలని ఉంది. సెక్షన్ 106 మొదటి మాటల ప్రకారమే, దానికి భిన్నమైన ఒప్పందం ఉంటే ఆ ఒప్పందం నడుస్తుంది. ఆ లెక్కన గడువు ఆగస్టు 9. ఓనరు లాయరు దీనికి ఏమంటాడో ఊహించవచ్చు. అగ్రిమెంటు 2024 ఏప్రిల్‌తో ముగిసింది, అందులోని షరతూ దానితోపాటే పోయింది అంటాడు. గడువు తర్వాత ఓనరు అద్దె తీసుకుంటూ పోతే నెలవారీ అద్దెగా కొనసాగుతుందని, వేరే ఒప్పందం లేకపోతేనే ఈ నియమం వర్తిస్తుందని సెక్షన్ 116 చెబుతుంది. పాత షరతులు ఎంతవరకు వెంట వస్తాయన్నది వాదనకు వచ్చే విషయమే.

అయితే ఇక్కడే నోటీసును జాగ్రత్తగా చదివినవాళ్ళకు ఒకటి దొరుకుతుంది. అగ్రిమెంటు ముగిసిపోయింది అని చెప్పిన అదే నోటీసు, కిందికి వచ్చేసరికి "ఒప్పందం ప్రకారం 10 శాతం పెంపు" అడుగుతోంది. ముగిసిన ఒప్పందంలోంచి పెంపు షరతు బతికితే, రెండు నెలల షరతు కూడా బతకాలి కదా. ఈ ప్రశ్నను జవాబులో మర్యాదగా అడగాలి. ఇది రెండువైపులా కోసే కత్తి అన్నది కూడా మర్చిపోకూడదు. రెండు నెలల షరతు తనకు వర్తిస్తుందని అద్దెదారు అంటే, పెంపు షరతు ఎందుకు వర్తించదో కూడా చెప్పాల్సి వస్తుంది. మన ఉదాహరణలో దానికి సమాధానం ఉంది: పెంపు షరతు ఇద్దరూ ఒప్పుకుని రెన్యూవల్ చేసుకుంటేనే అమలవుతుందని అందులోనే రాసి ఉంది, ఆ రెన్యూవల్ జరగలేదు. మీ అగ్రిమెంటులో "11 నెలల తర్వాత అద్దె 10 శాతం పెరుగును" అని షరతేమీ లేకుండా రాసి ఉంటే ఈ సమాధానం అంత గట్టిగా నిలబడదు. షరతులో ఒక్క మాట తేడాతో లెక్క ఎంత మారుతుందో కింద కనబడుతుంది.

74,000 ఎలా వచ్చింది

నోటీసులో మొత్తం ఒకటే అంకెగా ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి కాగితం మీద రాసుకోవాలి. నోటీసులోని వివరాల ప్రకారం పెంచిన అద్దె తేడా నెలకు 1,800 చొప్పున 2024 మే నుంచి 2025 మే దాకా 13 నెలలకు 23,400. ఏప్రిల్, మే అద్దెలు పెంచిన రేటుతో, అంటే 19,800 చొప్పున 39,600. మెయింటెనెన్సు మూడు నెలలకు 6,000. నోటీసు ఖర్చులు 5,000. అన్నీ కలిపితే 74,000.

ఇప్పుడు ఒక్కో ముక్కను పట్టి చూద్దాం. మొదటి రెండు ముక్కల్లో ఒకే డబ్బు రెండుసార్లు ఉంది. 13 నెలల తేడాలో 2025 ఏప్రిల్, మే నెలల 1,800 చొప్పున అప్పటికే లెక్కలోకి వచ్చాయి. మళ్ళీ ఆ రెండు నెలల అద్దెను 19,800 చొప్పున వేశారు. 3,600 రూపాయలు అలా ఎక్కువ పడ్డాయి. ఇది మోసమని అనుకోనక్కర్లేదు. ఓనరు చెప్పిన లెక్కలను లాయరు ఆఫీసులో కలిపేటప్పుడు ఇలాంటివి జరుగుతాయి. కానీ మనం చూపించకపోతే అది ఎవరికీ కనబడదు.

తర్వాత మే నెల అద్దె. అది కట్టాల్సిన ఆఖరు తేదీ జూన్ 5. నోటీసు రాసింది జూన్ 3న. రాసిన రోజుకు మే అద్దె బాకీయే కాదు. నోటీసు అందిన జూన్ 9 నాటికి మాత్రం అది కట్టాల్సిందే, కట్టలేదు. కాబట్టి ఎగ్గొట్టామన్న ఆరోపణ మే విషయంలో తప్పు, డబ్బు ఇవ్వాల్సిన మాట మాత్రం నిజం. ఈ రెండింటినీ కలపకూడదు.

ఏప్రిల్ అద్దెలో అద్దెదారు మే నెలలో 9,000 యూపీఐ ద్వారా పంపాడు. నోటీసులో ఆ మాట లేదు. మెయింటెనెన్సుకు అసోసియేషన్ ఇచ్చిన రసీదులు మూడూ అతని దగ్గర ఉన్నాయి. నోటీసు ఖర్చులు, 24 శాతం వడ్డీ అగ్రిమెంటులో ఎక్కడా లేవు. ఓనరు దావా వేసి గెలిస్తే ఖర్చులు, వడ్డీ ఎంత ఇవ్వాలో కోర్టు చెబుతుంది, అప్పటిదాకా అవి అడిగినవే తప్ప చెల్లించక తప్పనివి కావు.

ఇక మిగిలేది ఇది. ఎవరూ కాదనలేని బాకీ: ఏప్రిల్‌లో మిగిలిన 9,000, మే అద్దె 18,000, మొత్తం 27,000. వివాదంలో ఉన్నది: పెంపు తేడా 23,400. ఓనరు వాదన పూర్తిగా నెగ్గినా అసలు లెక్క 50,400 అవుతుంది, 74,000 కాదు. 2024 మే నుంచి 2025 మార్చి దాకా 11 నెలలు పాత అద్దెనే మారుమాట లేకుండా తీసుకోవడం అద్దెదారుకు అనుకూలమైన అంశమే. అయినా కోర్టు ఏమంటుందో ముందే తేల్చి చెప్పలేం కాబట్టి ఆ 23,400ను వివాదంగానే ఉంచాలి, సున్నాగా అనుకోకూడదు.

నోటీసులో లేని అంకె ఒకటుంది. అడ్వాన్సు 54,000 గురించి ఒక్క మాటా లేదు. చాలా నోటీసులు ఇలాగే ఉంటాయి, అడగాల్సినవి అడుగుతాయి, ఇవ్వాల్సినవి చెప్పవు. "నా అడ్వాన్సు మీ దగ్గరే ఉందిగా, అందులో కోసుకోండి" అని అద్దె ఆపేయడం మాత్రం సరికాదు. అడ్వాన్సు ఖాళీ చేసినప్పుడు బాకీలు పోను తిరిగి ఇవ్వాల్సినదని అగ్రిమెంటులో ఉంటే, మధ్యలో దాన్ని అద్దె కింద జమ చేసుకోమనే హక్కు మనకు మనం తీసుకోలేం. ఓనరు ఒప్పుకుంటే వేరు, అప్పుడు ఆ ఒప్పుకోలు రాతలో ఉండాలి.

లేనిపక్షంలో

రోజుకు 1,000 రూపాయలంటే నెలకు 30,000. ప్రస్తుత అద్దె 18,000. గడువు దాటాక కూడా ఉంటే, ఆ కాలానికి వాడుకున్నందుకు పరిహారం ఇవ్వాల్సి రావచ్చన్నది నిజమే. కానీ ఎంత అన్నది కోర్టు ఆ ప్రాంతంలో అలాంటి ఇళ్ళకు ఎంత అద్దె వస్తోందో చూసి తేలుస్తుంది. నోటీసులో రాసిన అంకె ఓనరు అడుగుతున్న మొత్తం మాత్రమే. అగ్రిమెంటులోనే "గడువు దాటితే రెట్టింపు అద్దె" అని ఉన్నా, అంత మొత్తం వచ్చి తీరుతుందనేం లేదు. కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి, దానికి లోబడి సమంజసమైనంతే ఇప్పిస్తారు.

క్రిమినల్ చర్యల సంగతికి ఎక్కువ చోటు అక్కర్లేదు. అద్దె కట్టకపోవడం దానికదే నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో నీతూ సింగ్ కేసులో చెప్పింది. అద్దె చెక్కు బౌన్స్ అయితే మాత్రం అది వేరే చట్టం, వేరే గడువులు. ఆ నోటీసును ఈ వ్యాసంతో చదవకండి, వెంటనే లాయరు దగ్గరికి వెళ్ళండి.

తాళం వేస్తాం, కరెంటు తీసేస్తాం అని నోటీసులో సాధారణంగా రాయరు, నోటితో అంటారు. గడువు ముగిసినా ఓనరు తనంతట తాను బలవంతంగా ఖాళీ చేయించకూడదు, కోర్టు డిక్రీ ద్వారానే చేయాలి. ఎవరైనా అలా బయటికి నెట్టితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న చర్చ రాదు, చట్టప్రకారం కాకుండా బయటికి పంపారా లేదా అన్నదే చూస్తారు.

జవాబు ఎలా రాయాలి

నోటీసులోని ఏడు రోజుల గడువు ఓనరు పెట్టుకున్నది, చట్టం పెట్టింది కాదు. అయినా ఆ గడువులోపే, అంటే మన ఉదాహరణలో జూన్ 16లోగా జవాబు పంపడం మేలు. నోటీసుకు ఏమీ చెప్పకుండా ఊరుకుని, తర్వాత కోర్టులో కొత్తగా చెప్పే మాటల్ని న్యాయమూర్తులు అనుమానంగా చూస్తారు.

జవాబులో అందరూ చేసే తప్పు బతిమాలే ధోరణిలో రాయడం. "మీరడిగిన మొత్తం త్వరలో కట్టేస్తాను, పిల్లల చదువులు ఉన్నాయి, మూడు నెలలు టైమివ్వండి" అని వాట్సాప్‌లో పెడతారు. ఆ ఒక్క మెసేజ్‌తో 74,000 బాకీ ఉందని, మూడు నెలల తర్వాత ఖాళీ చేస్తామని రెండూ ఒప్పుకున్నట్టయింది. మూడు నెలలు కావాలంటే అడగవచ్చు, కానీ లెక్కను ఒప్పుకోకుండా అడగాలి.

మన అద్దెదారు జవాబు ఇలా సాగవచ్చు. నోటీసు జూన్ 9న అందింది. ఏప్రిల్ అద్దెలో 9,000 ఫలానా తేదీన పంపాను, ట్రాన్సాక్షన్ వివరాలు జతచేశాను. మిగిలిన 9,000, మే అద్దె 18,000 కలిపి 27,000 ఈరోజు మీ ఖాతాకు పంపాను. ఈ చెల్లింపు నోటీసులోని మిగతా క్లెయిములను ఒప్పుకున్నట్టు కాదు. పెంపు షరతు రెన్యూవల్ జరిగితేనే వర్తిస్తుంది, రెన్యూవల్ జరగలేదు. మీ లెక్కలో రెండు నెలల తేడా రెండుసార్లు పడింది. మెయింటెనెన్సు రసీదులు జతచేశాను. అగ్రిమెంటు ప్రకారం రెండు నెలల గడువు ఆగస్టు 9 దాకా ఉంది. నా అడ్వాన్సు 54,000 మీ దగ్గర ఉంది, ఖాళీ చేసేరోజు దాన్ని ఎలా ఇస్తారో తెలపండి. ఇంతే. కోపం, కథ, ఓనరు స్వభావం గురించిన మాటలు అక్కర్లేదు. పోస్టులో లాయరుకు ఒక కాపీ, ఓనరుకు ఒక కాపీ పంపి రసీదులు దాచుకోవాలి.

27,000 కట్టినంత మాత్రాన ఇల్లు నిలుస్తుందని ఆశ పెట్టుకోకూడదని పైన చెప్పాను. దీనికి కొసరుగా ఇంకో నమ్మకం ప్రచారంలో ఉంది: నోటీసు గడువు తర్వాత ఓనరు ఒక్క నెల అద్దె తీసుకున్నా నోటీసు రద్దయిపోతుందని. సెక్షన్ 113లోని ఉదాహరణ చదివితే అలాగే అనిపిస్తుంది కూడా. కానీ ఓనరు అద్దెను మళ్ళీ కొనసాగించాలనుకున్నాడా అన్నదే అక్కడ ప్రశ్న. ఊరికే డబ్బు తీసుకున్నంత మాత్రాన నోటీసును వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో చెప్పింది. జూలైలో పంపిన జూన్ అద్దెను ఓనరు మాట్లాడకుండా తీసుకున్నాడని ఇల్లు వెతకడం ఆపేయకూడదు.

చాలా సందర్భాల్లో ఓనరుకు కావలసింది దావా కాదు, ఒక నమ్మకమైన తేదీ. అద్దెదారుకు కావలసింది ఇల్లు దొరికేంత సమయం, అడ్వాన్సు చేతికొస్తుందన్న భరోసా. అవి రెండూ ఒక పేజీ రాతలో కుదురుతాయి. ఆగస్టు 9న ఖాళీ చేస్తాను, అప్పటిదాకా నెలకు 18,000 కడతాను, పెంపు తేడా కింద ఇంత మాత్రమే ఇస్తాను లేదా అసలు ఇవ్వను, అది పోను అడ్వాన్సు తాళాలు ఇచ్చే రోజే చెల్లించాలి అని ఇద్దరూ సంతకాలు చేసుకోవాలి. తాళాలు ఇచ్చే రోజు కరెంటు మీటరు రీడింగును ఫోటో తీసి, గదులన్నీ వీడియో తీసి, "ఫలానా తేదీన స్వాధీనం తీసుకున్నాను, బాకీ ఏమీ లేదు" అని ఓనరు చేతి రాత తీసుకోవాలి. ఆ రాత లేకుండా తాళాలు వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చేస్తే, ఆ తర్వాతి నెలల అద్దె కూడా కలిపి ఇంకో నోటీసు రావచ్చు.